రూపాయిని పట్టుకుని వెతికే ఆడిట్

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు తన బోర్డుకు రాసిన లేఖలో అందరికీ గుర్తుండిపోయిన అంకె ఒకటే. పుస్తకాల్లో ఉన్నట్టు చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు నిజానికి లేవన్నదే ఆ మాట. అదే లేఖలో మరో అంకె కూడా ఉంది. 2008 సెప్టెంబరు 30 నాటికి ఖాతాదారుల నుంచి రావలసిన బాకీలు 2,651 కోట్లని పుస్తకాల్లో రాసుకున్నారు. అందులో 490 కోట్లు పెంచి చూపినవని ఆయన ఒప్పుకున్నారు. నగదు గురించి హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. బాకీల సంగతి మాత్రం లెక్కలవాళ్లు తప్ప ఎవరూ ఎత్తరు.

నిజానికి లెక్కల్లో మోసం జరిగే చోట్లలో ఈ బాకీల పద్దు చాలా పాతది. అమ్మకం పెంచి చూపాలంటే ఒక ఇన్వాయిస్ తయారు చేస్తే చాలు. సరుకు కదలక్కర్లేదు, డబ్బు రానక్కర్లేదు. డబ్బు రాలేదు కాబట్టి ఆ మొత్తం ఫలానా పార్టీ మనకు ఇవ్వాలి అనే పద్దులో కూర్చుంటుంది. మోసమే ఉండాలని కూడా లేదు. వెనక్కి వచ్చిన సరుకుకు క్రెడిట్ నోట్ రాయడం మరిచిపోయినా, ఏప్రిల్‌లో పంపిన సరుకుకు మార్చి తేదీ వేసినా, ఇస్తామన్న డిస్కౌంట్ తగ్గించకపోయినా ఆ పద్దు ఉబ్బుతుంది. అందుకే బాకీల దగ్గరికి వచ్చేసరికి ఆడిటర్ అనుమానం ఒక్క వైపే ఉంటుంది: ఉన్నదానికన్నా ఎక్కువ చూపారా?

అన్ని ఖాతాలూ చూస్తే తేలిపోతుంది. కానీ వందలు, వేల ఖాతాలున్నచోట అది సాగే పని కాదు. కొన్నింటిని ఎంచుకోవాలి. ఆ ఎంపిక ఎలా చేయాలన్నదే అసలు ప్రశ్న. పెద్ద బాకీలు మాత్రమే చూస్తే, చిన్నవాటి గుంపులో ఏముందో ఎప్పటికీ తెలియదు. పైగా ఆడిటర్ పెద్దవే చూస్తాడని అకౌంటెంట్‌కు ముందే తెలుసు. పోనీ ఖాతాదారుల పేర్లను చీటీలు వేసి తీస్తే, రెండు వేలు బాకీ ఉన్న పల్లెటూరి దుకాణానికీ ఇరవై లక్షలు బాకీ ఉన్న డీలరుకూ సమానమైన అవకాశం దక్కుతుంది. ఆడిటర్ శ్రమంతా చిల్లర ఖాతాల మీద పోతుంది.

ఈ చిక్కుకు 1960ల ప్రాంతంలో ఒక చక్కని దారి దొరికింది. అమెరికాలో హాస్కిన్స్ అండ్ సెల్స్ ఆడిట్ సంస్థలో పనిచేసిన కెన్నెత్ స్ట్రింగర్, ప్రిన్స్‌టన్ గణాంక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ స్టీఫన్ సాయంతో ఈ పద్ధతికి రూపమిచ్చాడు. తర్వాత కెనడాలో ఆండర్సన్, టైటిల్‌బామ్ 1973లో రాసిన వ్యాసంతో ఇది డాలర్ యూనిట్ శాంప్లింగ్‌గా ఆడిటర్లందరికీ పరిచయమైంది. ఇప్పుడు ఏ దేశపు కరెన్సీకైనా సరిపోయేలా మానిటరీ యూనిట్ శాంప్లింగ్ అంటున్నారు. మన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ జారీ చేసిన ఎస్ఏ 530 ప్రమాణం కూడా శాంపిల్ తీసే పద్ధతుల్లో దీన్ని పేరుపెట్టి చెబుతుంది.

అందులోని ఆలోచన ఒక్క మాటలో చెప్పొచ్చు. చీటీ ఖాతాదారు పేరు మీద కాదు, రూపాయి మీద వేయాలి. మొత్తం బాకీ 6 కోట్ల 80 లక్షలైతే అక్కడ 6 కోట్ల 80 లక్షల లాటరీ టికెట్లున్నట్టు లెక్క. ఏ టికెట్ తగిలితే ఆ రూపాయి ఏ ఖాతాలో ఉందో చూసి, ఆ ఖాతాను మొత్తంగా పరిశీలిస్తారు. పది లక్షల బాకీకి పది లక్షల టికెట్లు, పది వేల బాకీకి పది వేల టికెట్లు. పెద్ద ఖాతాకు దాని పెద్దరికానికి తగ్గ అవకాశం వస్తుంది. చిన్నదాన్ని కూడా పూర్తిగా వదిలిపెట్టినట్టు కాదు.

ఒక లెక్క వేసి చూస్తే పద్ధతి బాగా అర్థమవుతుంది. గుంటూరులో విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు టోకున అమ్మే ఒక సంస్థ ఉందనుకుందాం. మార్చి 31 నాటికి 540 మంది డీలర్ల నుంచి 6,80,00,000 రూపాయలు రావాలని దాని పుస్తకాల్లో ఉంది. ఆ పద్దులో 34 లక్షల వరకు తప్పున్నా భరించవచ్చనీ, అంతకు మించితే లెక్కలు చదివేవారిని తప్పుదారి పట్టించినట్టేననీ ఆడిటర్ నిర్ణయించుకున్నాడు. గత అనుభవాన్ని బట్టి రెండున్నర లక్షల వరకు చిన్నాచితకా తప్పులు దొరకవచ్చని కూడా అంచనా వేసుకున్నాడు. చివరకు తాను చెప్పే మాట నూటికి 95 పాళ్లు నమ్మకంగా ఉండాలి.

ఇక్కడ రెండు అంకెలు పట్టికల నుంచి వస్తాయి. 95 శాతం నమ్మకానికి గుణకం 3. ఊహించిన తప్పుకు కొంత చోటు విడిచిపెట్టడానికి వాడే గుణకం 1.6. రెండున్నర లక్షలను 1.6తో గుణిస్తే 4 లక్షలు. భరించగల 34 లక్షల నుంచి అది తీసేస్తే 30 లక్షలు మిగులుతుంది. దాన్ని 3తో భాగిస్తే 10 లక్షలు వస్తుంది. దీన్నే ఇంటర్వెల్ అంటారు. ప్రతి పది లక్షల రూపాయలకు ఒక రూపాయిని పట్టుకుంటే చాలన్నమాట. 6 కోట్ల 80 లక్షల్లో అలాంటి రూపాయలు 68 వస్తాయి.

ఆ 3 ఎక్కడిదో తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే పద్ధతికి మూలం అదే. బాకీల్లో 30 లక్షల రూపాయలు పూర్తిగా దొంగవి అనుకుందాం. అంటే నూటికి దాదాపు నాలుగున్నర రూపాయలు దొంగవి. యాదృచ్ఛికంగా ఒక రూపాయిని తీస్తే అది మంచిదయ్యే అవకాశం 95 శాతం పైనే. అదే 68 సార్లు తీస్తే, ప్రతిసారీ మంచి రూపాయే తగిలి ఒక్క దొంగ రూపాయి కూడా దొరక్కపోయే అవకాశం 5 శాతం కన్నా తక్కువకు పడిపోతుంది. ఇంటర్వెల్‌కు మూడు రెట్లు దొంగ రూపాయలున్నప్పుడు శాంపిల్ ఎంత పెద్దదైనా ఈ లెక్క ఇంచుమించు అలాగే వస్తుంది. నమ్మకం 90 శాతం చాలనుకుంటే గుణకం 2.31కి తగ్గుతుంది, చూడవలసిన ఖాతాలూ తగ్గుతాయి.

ఇక ఎంపిక. ముందుగా డీలర్ల జాబితా మొత్తం లెడ్జర్ మొత్తంతో పైసలతో సహా సరిపోతోందో లేదో ఆడిటర్ చూస్తాడు. అది సరిపోకపోతే మిగతా పనంతా వృథా. డీలరే సంస్థకు అడ్వాన్స్ ఇచ్చి ఉంచిన ఖాతాలను, అంటే క్రెడిట్ నిల్వలను, పక్కకు తీసి విడిగా పరీక్షిస్తాడు. తర్వాత 1 నుంచి 10 లక్షల లోపు ఒక అంకెను యాదృచ్ఛికంగా తీస్తాడు. 3,72,418 వచ్చిందనుకుందాం. మొదట పట్టుకునే రూపాయి అదే. అక్కడి నుంచి పది లక్షల చొప్పున దాటుకుంటూ పోతే 13,72,418, 23,72,418, ఇలా వరుసగా రూపాయలు వస్తాయి.

జాబితాలో మొదటి డీలరు బాకీ 2,15,000. రెండో డీలరుది 1,40,000. రెండూ కూడితే 3,55,000, ఇంకా మన రూపాయి రాలేదు. మూడో డీలరు రేపల్లె వైపు ఒక చిన్న విత్తనాల దుకాణం, బాకీ 85,000. కూడితే 4,40,000. మన 3,72,418వ రూపాయి ఈ ఖాతాలోనే ఉంది. ఆ దుకాణం ఎంపికైంది. నాలుగో డీలరు బాకీ 14,60,000. కూడికలో 19 లక్షలకు చేరింది, 13,72,418 అందులో పడింది. అయిదో డీలరు బాకీ 6,20,000, కూడితే 25,20,000. 23,72,418 అక్కడుంది. ఆరో డీలరుది 3,10,000, కూడితే 28,30,000. తర్వాతి రూపాయి 33,72,418 కాబట్టి ఈ ఖాతా తప్పించుకుంది.

రేపల్లె దుకాణం తగలడానికి ఉన్న అవకాశం నూటికి ఎనిమిదిన్నర మాత్రమే. నాలుగో డీలరు సంగతి వేరు. అతని బాకీ పది లక్షలు దాటింది కాబట్టి, ఏ అంకెతో మొదలుపెట్టినా అతను తప్పించుకోలేడు. ఇరవై, ముప్పై లక్షల బాకీ ఉన్న డీలరుకు ఒకే ఖాతాలో రెండు మూడు రూపాయలు తగులుతాయి. అందుకే మన ఉదాహరణలో 68 రూపాయలు కలిసి 61 మంది డీలర్ల మీదే పడ్డాయి అనుకుందాం. పెద్ద ఖాతాల పట్టికను ప్రత్యేకంగా రాసుకునే పని లేకుండానే అవన్నీ పరీక్షలోకి వచ్చేశాయి.

కంప్యూటర్‌లో ఇది ఒక్క వరుస పని. ఎక్సెల్ షీట్‌లో బాకీలు B వరుసలో, కూడికలు C వరుసలో ఉంచి, మొదటి రూపాయి అంకెను F1లో, ఇంటర్వెల్‌ను F2లో పెడితే, ఒక్కో ఖాతాకు ఎన్ని రూపాయలు తగిలాయో ఈ ఫార్ములా చెబుతుంది:

```
C2: =SUM($B$2:B2)
D2: =INT((C2-$F$1)/$F$2)-INT((C2-B2-$F$1)/$F$2)
```

D వరుసలో సున్నా వస్తే ఆ ఖాతా తప్పించుకున్నట్టు. ఒకటి, అంతకన్నా ఎక్కువ వస్తే ఆడిటర్ చేతికి చిక్కినట్టు.

ఈ ఎంపికలో ఒక బలం ఉంది. మోసగాడు 30 లక్షల దొంగ బాకీని ఒక్కచోట పెడితే కనబడుతుందని భయపడి, పదేసి వేల చొప్పున 300 ఉత్తుత్తి ఖాతాల్లోకి విడగొట్టాడనుకుందాం. ఒక్కొక్క ఖాతా తగిలే అవకాశం నూటికి ఒకటే. కానీ అలాంటివి 300 ఉన్నాయి. సగటున మూడు తగులుతాయి, ఒక్కటీ తగలకపోయే అవకాశం 5 శాతం దగ్గరే ఉంటుంది. దొంగ రూపాయలు ఎక్కడ దాచినా, ఎన్ని ముక్కలు చేసినా వాటి మొత్తం మారదు. ఈ పద్ధతి వెతికేది ఆ మొత్తాన్నే. నిజమైన ఖాతాల్లోనే ఒక్కోదానిలో ఇరవై శాతం పెంచి ఉంటే దొరకడం ఇంకా తేలిక. 30 లక్షలు అలా పెంచాలంటే కోటిన్నర రూపాయల ఖాతాల్లో చేయి పెట్టాలి. వాటి మీద పదిహేను రూపాయలు తగులుతాయి.

ఇప్పుడు 61 మంది డీలర్లకు ఉత్తరాలు వెళ్లాయి. మీరు మా కక్షిదారుకు మార్చి 31 నాటికి ఇంత బాకీ ఉన్నట్టు వారి పుస్తకాల్లో ఉంది, మీ పుస్తకాల్లో ఎంత ఉందో నేరుగా మాకు తెలపండి అన్నదే ఆ ఉత్తరం సారాంశం. వచ్చిన జవాబుల్లో తేడా కనబడినదంతా తప్పు కాదు. ఒక డీలరు తన బాకీ 50,000 తక్కువని రాశాడు. చూస్తే అతను మార్చి 30న చెక్కు పోస్టులో వేశాడు, అది సంస్థకు ఏప్రిల్ 3న చేరింది. అది దారిలో ఉన్న డబ్బే తప్ప పెంచి చూపిన బాకీ కాదు. మరో డీలరు కట్టిన 40,000 వేరొకరి ఖాతాలో జమ అయింది. వేంకటేశ్వరస్వామి పేరుతో ఆ జాబితాలో మూడు దుకాణాలుంటే అలాంటిది జరగడం వింత కాదు. మొత్తం బాకీ మారలేదు కాబట్టి అది కూడా లెక్కలోకి రాదు. కాకపోతే ఒకరి డబ్బు కాజేసి ఇంకొకరి డబ్బుతో కప్పిపుచ్చే ఎత్తు కూడా బయటికి ఇలాగే కనిపిస్తుంది. కాబట్టి ఆడిటర్ ఆ జమల వెనక ఉన్న బ్యాంకు చలాన్లు చూడకుండా ఊరుకోకూడదు.

చివరికి నిజమైన తప్పులు మూడు తేలాయి. మొదటిది రేపల్లె దుకాణం. అమ్ముడుపోని విత్తనాల సంచులను ఆ దుకాణందారు మార్చిలో వెనక్కి పంపాడు, 17,000 విలువ. క్రెడిట్ నోట్ ఏప్రిల్‌లో రాశారు. పుస్తకాల్లో 85,000 ఉన్నా నిజంగా రావలసింది 68,000. రెండోది 3,20,000 బాకీ ఉన్న ఒక డీలరు. అతనికి స్కీమ్ కింద ఇస్తామన్న 5 శాతం తగ్గింపు, 16,000, పుస్తకాల్లోకి ఎక్కలేదు. మూడోది 14,60,000 బాకీ ఉన్న పెద్ద డీలరు. మార్చి 31 తేదీతో 60,000కు ఇన్వాయిస్ ఉంది. లారీ రసీదు మీద మాత్రం ఏప్రిల్ 2 ఉంది.

మూడూ కలిపితే 93,000. సంస్థ యజమాని ఇక్కడ ఊపిరి పీల్చుకుంటాడు. ఆరు కోట్ల ఎనభై లక్షల్లో తొంభై మూడు వేలు ఒక లెక్కా అంటాడు. ఆడిటర్‌కు అది అంత తేలిక కాదు, ఎందుకంటే అతను పట్టుకున్న ప్రతి రూపాయీ పది లక్షల రూపాయల తరఫున సాక్ష్యం చెబుతోంది.

రేపల్లె దుకాణంలో తగిలిన ఆ ఒక్క రూపాయినే చూద్దాం. ఖాతాలో 85,000కు 17,000 లేవు, అంటే అయిదో వంతు. ఆ రూపాయిలో 20 పైసలు లేవు. ఆడిటర్లు దీన్ని టెయింటింగ్ అంటారు. పది లక్షల రూపాయలకు ప్రతినిధిగా వచ్చిన రూపాయిలో 20 పైసలు లేకపోతే, ఆ పది లక్షల్లో రెండు లక్షలు లేవని అంచనా వేయాలి. 17,000 తప్పు 2,00,000 అయిందిలా. రెండో డీలరు ఖాతాలో రూపాయికి 5 పైసలు లేవు, అంచనా 50,000. పెద్ద డీలరు విషయంలో ఈ పెంపు ఉండదు. పది లక్షలు దాటిన ఖాతాలన్నీ ఎలాగూ పరీక్షకు వచ్చేశాయి. అతను చూడకుండా వదిలేసిన వేరే ఖాతాలకు ప్రతినిధి కాదు. అతని తప్పు 60,000 అంతే, 60,000గానే ఉంటుంది. మూడూ కలిపితే అంచనా తప్పు 3,10,000.

చాలామంది కొత్త ఆడిటర్లు తడబడేది ఈ పెంపు దగ్గరే. తప్పు రూపాయల్లో ఎంత ఉందని కాదు, పుస్తకాల్లో ఉన్న బాకీలో అది ఎన్నో వంతని చూడాలి. మూడు లక్షల ఖాతాలో 16,000 తప్పు కంటే 85,000 ఖాతాలో 17,000 తప్పు ఎంతో పెద్ద హెచ్చరిక.

అయితే 3,10,000 అన్నది మధ్యస్థమైన అంచనా. ఆడిటర్ చెప్పవలసింది వేరొక మాట: ఎంత చెడ్డగా చూసినా ఇంతకు మించి తప్పు ఉండదని 95 శాతం నమ్మకంతో అనగల గరిష్ఠ పరిమితి. అది మూడు ముక్కలుగా వస్తుంది. మొదటి ముక్క ఏ తప్పూ దొరకకపోయినా ఉంటుంది. ఇంటర్వెల్‌కు మూడు రెట్లు, అంటే 30,00,000. 68 రూపాయలే చూశాం కాబట్టి చూడని చోట ఉండే అవకాశానికి అది ధర. రెండో ముక్క దొరికిన తప్పుల మీద వస్తుంది. ఒక తప్పు దొరికిందంటే మన నమ్మకం కొంత సడలినట్టే. అందుకే పెద్ద టెయింటింగ్‌తో మొదలుపెట్టి, ఒక్కో అంచనాను పట్టికలోని గుణకంతో పెంచుతారు. మొదటిదానికి 1.75, రెండోదానికి 1.55. రెండు లక్షలు 3,50,000 అవుతుంది. యాభై వేలు 77,500 అవుతుంది. మూడో ముక్క పెద్ద డీలరు దగ్గర దొరికిన అసలు తప్పు 60,000. అన్నీ కూడితే 34,87,500.

భరించగల హద్దు 34,00,000. దాటింది.

దొరికింది తొంభై మూడు వేలే అయినా, ఈ బాకీల పద్దు సరిగ్గా ఉందని ఆడిటర్ ఇప్పుడు అనలేడు. ముందుగా ఊహించిన రెండున్నర లక్షల కన్నా అంచనా తప్పు ఎక్కువగా వచ్చింది కాబట్టి ఇలా అయింది. ఒక్క తప్పూ దొరక్కపోయి ఉంటే పరిమితి 30 లక్షల దగ్గరే ఆగేది. ఇక రేపల్లె దుకాణం అసలు లేనే లేదని తేలి ఉంటే? ఆ రూపాయిలో నూరు పైసలూ లేనట్టు. అంచనా పది లక్షలు, గుణకంతో పదిహేడున్నర లక్షలు. ఎనభై అయిదు వేల ఒక్క ఖాతా ఆడిట్ రిపోర్టునే మార్చేసేది.

సంస్థ ఆ మూడు తప్పులనూ పుస్తకాల్లో దిద్దుకుంటే పరిమితిలో 93,000 తగ్గుతుంది, 33,94,500కు వస్తుంది. హద్దుకు 5,500 తక్కువ. కాగితం మీద గట్టెక్కినట్టే. కానీ అంత సన్నని గీత మీద సంతకం పెట్టే ఆడిటర్‌ను నమ్మకూడదు. గుణకాలే రెండు దశాంశాలకు కుదించినవి, భరించగల హద్దు ఆడిటర్ విచక్షణతో పెట్టుకున్నది. బాధ్యత తెలిసినవాడు ఇక్కడ అంకెలు పక్కన పెట్టి కారణాల్లోకి వెళ్తాడు. మార్చి ఆఖరు తేదీలు వేసిన ఇన్వాయిస్‌లన్నీ లారీ రసీదులతో, ఈ-వే బిల్లులతో పోల్చి చూస్తాడు. ఏప్రిల్ నెల క్రెడిట్ నోట్లన్నీ తెరిచి, అందులో మార్చి సరుకు ఎంతుందో లెక్కిస్తాడు. స్కీమ్‌కు అర్హులైన డీలర్లందరికీ తగ్గింపు లెక్క కట్టమని సంస్థనే అడుగుతాడు. కారణం దొరికిన తప్పును మూలం నుంచి దిద్దవచ్చు. చేయకూడని పని ఒకటుంది. పరిమితి లోపలికి వచ్చేదాకా మరో అయిదు, ఇంకో పది ఖాతాలు అని కలుపుకుంటూ పోకూడదు. అలా చేస్తే 95 శాతం నమ్మకం అన్న మాటకు అర్థం పోతుంది.

ఇంకో చోట కూడా పద్ధతి చెడుతుంది. 61 ఉత్తరాల్లో అన్నింటికీ జవాబులు రావు. జవాబు రానివాళ్ల స్థానంలో వేరే డీలర్లను పెట్టుకుంటే పని తేలిగ్గా అయిపోతుంది, కానీ జవాబు చెప్పని ఖాతాలోనే దొంగ బాకీ ఉండే అవకాశం ఎక్కువ. అందుకని ఎంపికైన ఖాతా ఎంపికైనట్టే. ఆ డీలరు తర్వాత నెలల్లో డబ్బు కట్టాడా, కడితే ఏ ఇన్వాయిస్‌కు కట్టాడు, సరుకు అందుకున్న సంతకం ఉందా అని ఆడిటర్ వెతకాలి. ఏ ఆధారమూ దొరక్కపోతే ఆ రూపాయిలో నూరు పైసలూ లేనట్టుగానే లెక్కించాలి.

ఈ పద్ధతికి కనబడనివి కూడా ఉన్నాయి. నిజంగా అయిదు లక్షలు రావలసిన డీలరు ఖాతాలో పొరపాటున 20,000 మాత్రమే ఉంటే, అది తగిలే అవకాశం నూటికి రెండే. అసలు పుస్తకాల్లోకే ఎక్కని బాకీకి టికెట్ ఒక్కటీ లేదు. తక్కువ చూపిన లెక్కలను పట్టుకోవడానికి ఇది పనికిరాదు, అప్పులను తక్కువ చూపారేమో పరీక్షించడానికి దీన్ని వాడేవారు పొరపాటు చేస్తున్నట్టే. ఇంకొక సంగతి, స్ట్రింగర్ చూపిన ఈ పరిమితి లెక్క చాలా జాగ్రత్తపరురాలు. చిన్న చిన్న తప్పులు ఎక్కువగా ఉన్నచోట అసలు కన్నా పెద్ద అంకెనే చూపుతుంది. మంచి పుస్తకాలను కూడా ఒక్కోసారి అనుమానిస్తుంది. ఆడిటర్‌కు అదనపు పని పడుతుందే గానీ, లెక్కలు నమ్మినవాళ్లకు నష్టం రాదు.

ఇప్పుడు సత్యం అంకెలను ఇదే తూకంలో పెట్టి చూడొచ్చు. 2,651 కోట్లలో 490 కోట్లంటే నూటికి పద్దెనిమిదిన్నర రూపాయలు లేవు. యాదృచ్ఛికంగా 30 రూపాయలే పట్టుకున్నా, దొంగది ఒక్కటీ తగలకపోయే అవకాశం వెయ్యికి రెండు మాత్రమే. ఎంపిక అంటే అక్కడ అసలు కష్టమే కాదు. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011 ఏప్రిల్‌లో సత్యం మీద, దాన్ని ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ భారత విభాగాల మీద చర్యలు తీసుకున్నప్పుడు రెండు సంగతులు బయటపెట్టింది. కంపెనీలో 6,000కు పైగా దొంగ ఇన్వాయిస్‌లు తయారయ్యాయి. ఆడిటర్లు నగదు నిల్వలనుగానీ, ఖాతాదారుల బాకీలనుగానీ ధ్రువీకరించుకునే పని చేయలేదు. ఆడిట్ విభాగాలు ఆ కేసులో 60 లక్షల డాలర్ల జరిమానా కట్టాయి.

రూపాయిని ఎంచడం ఎక్సెల్ షీట్ చేస్తుంది. ఆ రూపాయి ఉందో లేదో అవతలివాడిని అడగడం మనిషి చేయాలి. ఉత్తరాన్ని సంస్థ చేతికి ఇచ్చి పంపించమనకుండా ఆడిటరే పోస్టు చేయాలి. డీలరు చిరునామా జీఎస్టీ రికార్డుతో సరిపోతోందో చూడాలి. జవాబు సంస్థకు కాకుండా నేరుగా ఆడిటర్‌కే రావాలి. వీటిలో ఒక్కటి తప్పినా పైన వేసిన లెక్కలన్నీ గాలిలో వేసినవే.

చిన్న వ్యాపారం చేసే పాఠకులకు ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి ఉత్తరం రావచ్చు. మీరు సరుకు కొనే సంస్థ ఆడిటర్ పంపినది, మీ బాకీ ఇంతేనా అని అడిగేది. దాన్ని పక్కన పడేయకండి, వాళ్లు వేసిన అంకె కిందే సంతకం పెట్టి పంపేయకండి. మీ పుస్తకం తెరిచి, మార్చి 31 నాటికి మీ లెక్కలో ఉన్న అంకెను రాయండి. తిరిగి పంపిన సరుకు, రావలసిన స్కీమ్ తగ్గింపు ఉంటే తేదీలతో సహా చేర్చండి. జవాబును సంస్థ గుమాస్తా చేతికి ఇవ్వకుండా, ఉత్తరంలో ఉన్న ఆడిటర్ చిరునామాకే పంపండి.